అమ్మాయి ముందు, అక్షరాలు వెనక

ఏటిగట్టు మీద ఒక అమ్మాయి ఎడమ నుంచి కుడికి నడిచి వెళ్తోంది. వెనక సాయంత్రపు తెల్లటి ఆకాశం, అందులో పెద్ద అక్షరాలతో సినిమా పేరు: ‘ఏటిగట్టు’. ఆమె తల అడ్డం వచ్చినంత మేర అక్షరం మరుగుపడుతుంది, ఆమె ముందుకు సాగగానే మళ్లీ బయటపడుతుంది. చూసేవాళ్లకు అక్షరాలు ఆమె వెనకే ఉన్నాయనిపిస్తుంది. నిజానికి అమ్మాయినే రెండోసారి తెచ్చి అక్షరాల మీద పెట్టారు.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో దీనికి మూడు లేయర్లు చాలు. అడుగున షాట్, దాని మీద టైటిల్, అన్నిటికన్నా పైన అదే షాట్ మరో కాపీ. పై కాపీలో అమ్మాయి చుట్టూ మాస్క్ గీసి, మిగతాదంతా మాయం చేస్తారు. ఆమె కదిలేకొద్దీ ఆ గీతనూ కదిలించడమే రోటోస్కోపింగ్. పనిలో ఉన్నవాళ్లు ‘రోటో’ అంటారు. 1915లో దీనికి పేటెంటు కోరిన అమెరికన్ మాక్స్ ఫ్లైషర్, సినిమా ఫ్రేములను ఒక్కొక్కటిగా గాజు మీద పడేలా చేసి, వాటి మీద బొమ్మలు దిద్దాడు. ఆయనకు కావలసింది కార్టూన్ బొమ్మకు మనిషి నడక. మనకు కావలసింది మనిషి అంచు మాత్రమే.

కొత్తగా నేర్చుకునేవాళ్లు అమ్మాయి మొత్తాన్నీ, తల నుంచి గడ్డిలో మునిగిన పాదాల దాకా, కత్తిరించడం మొదలుపెడతారు. అది వృథా శ్రమ. పై కాపీ, అడుగు షాట్ ఒకటే కాబట్టి, మధ్యలో అక్షరం లేనిచోట మాస్క్ ఎంత వంకరగా ఉన్నా ఎవరికీ తెలియదు. అంచు కచ్చితంగా ఉండాల్సింది అక్షరాన్ని తాకేచోటే. అందుకే మాస్క్ గీసేముందే టైటిల్ ఎక్కడ ఉండాలో తేల్చుకోవాలి. దాన్ని కాస్త పైకి జరిపితే అక్షరాలకు తగిలేది తల, భుజాలు మాత్రమే. ఎగిరే ఓణీ, ఊగే చేతులు, గడ్డి పరకలు అన్నీ లెక్కలోంచి పోతాయి.

మన షాట్ నాలుగు సెకన్లు అనుకుందాం. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 96. ఆమె అక్షరాలను దాటేది రెండున్నర సెకన్లలో అయితే పని 60 ఫ్రేములకు తగ్గింది. ఆ అరవైలోనూ ప్రతి ఫ్రేములో గీత దిద్దకూడదు. నడిచే మనిషి తల అడుగు అడుగుకీ కొద్దిగా లేచి దిగుతుంది. అడుగుకు 12 ఫ్రేములు పడితే, తల బాగా లేచినచోట ఒక కీఫ్రేమ్, బాగా దిగినచోట ఒకటి, అంటే ఆరు ఫ్రేములకొకటి పెడితే, నడుమ ఫ్రేములను సాఫ్ట్‌వేరే పూరిస్తుంది. తేడా వచ్చిన ఒకటి రెండుచోట్ల సర్దితే సరిపోతుంది. ప్రతి ఫ్రేమునూ చేత్తో దిద్దితే, విడివిడిగా చూసినప్పుడు ప్రతిదీ బాగుంటుంది గానీ, ఆడించగానే అంచు కుతకుతలాడుతుంది. తలకు, మెడకు, భుజాలకు వేరువేరు మాస్కులు, ఒక్కోదానికి వీలైనన్ని తక్కువ బిందువులు పెడితే ఈ బాధ తగ్గుతుంది.

అసలు చిక్కు జుట్టు దగ్గర. గాలికి లేచిన ముంగురుల అంచులో ఉన్న పిక్సెళ్లు పూర్తిగా నలుపు కావు, వాటిలో వెనకున్న ఆకాశపు తెలుపు కలిసిపోయి ఉంటుంది. టైటిల్ ముదురు మెరూన్ రంగులో ఉంటే, ఆ తెలుపు తల చుట్టూ బూడిదరంగు గీతలా తేలుతుంది. మాస్క్‌ను ఒకటి రెండు పిక్సెళ్లు లోపలికి లాగి, అంచును కాస్త మెత్తబరిస్తే కొంత పోతుంది. నన్నడిగితే అక్షరాల రంగే మార్చడం మేలు: ఆకాశానికి దగ్గరగా ఉండే లేత మీగడ రంగు వేస్తే ఆ గీత అందులో కలిసిపోతుంది. ఒక్కో వెంట్రుకా కత్తిరిస్తూ కూర్చోవడం పంతమే తప్ప పని కాదు. ఎలా వచ్చిందో చూడాలంటే టైటిల్ స్థానంలో కాసేపు ఎర్రటి రంగు పలక పెట్టి, మామూలు వేగంలో ఆడించాలి. తెల్లటి అంచు, వణుకు రెండూ వెంటనే దొరికిపోతాయి.

అంతా కుదిరాక తెలుగు లిపి మరో పేచీ పెడుతుంది. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. ఆమె తల ‘టి’ మీది గుడిని కప్పితే అది ‘ట’ అయిపోతుంది, భుజం ఒత్తును కప్పితే ‘గట్టు’ కాస్తా ‘గటు’. ఆమె కదులుతున్నంతసేపూ ఫరవాలేదు, కంటికి మిగతాది గుర్తుంటుంది. ఆమె ఆగిపోయే షాట్ అయితే మాత్రం ఎక్కడ నిలబడుతుందో చూసుకుని, గుడినీ ఒత్తునూ తప్పించి, అక్షరం నడుము మాత్రమే కప్పేలా టైటిల్‌ను జరపాలి. నడిచి వెళ్లిపోయే మన షాట్‌లో, ఆమె చివరి అక్షరం దాటాక కనీసం ఒక సెకను పేరు నిండుగా తెరమీద ఉంచితే చాలు.