ప్రశ్నకన్నా ముందు పట్టిక

ప్రశ్నపత్రం రాయడానికి కూర్చున్న టీచరు పాఠ్యపుస్తకం తెరిస్తే, చేతికి తేలికగా అందే ప్రశ్నలే ముందు పడతాయి. అవి ఎక్కువగా నిర్వచనాలు. బ్లూప్రింట్ ఈ వరసను తిప్పుతుంది: మొదట మార్కుల పట్టిక, తర్వాతే ప్రశ్నలు.

పదో తరగతి భౌతికరసాయన శాస్త్రంలో 40 మార్కుల పరీక్ష అనుకుందాం. కాంతికి 10 పీరియడ్లు, ఆమ్లాలు-క్షారాలకు 6, విద్యుత్తుకు 4 పట్టాయి. అదే నిష్పత్తిలో మార్కులు 20, 12, 8. ఇవి అడ్డు వరసలు. నిలువు వరసల్లో జ్ఞాపకానికి 12, అవగాహనకు 16, అన్వయానికి 12 పెడదాం. కాంతి గళ్లలో 6, 8, 6. ఆమ్లాల గళ్లలో 4, 4, 4. విద్యుత్తు గళ్లలో 2, 4, 2. ఎటు కూడినా లెక్క సరిపోవాలి. విద్యుత్తు అన్వయానికి ఉన్నవి రెండే మార్కులు కాబట్టి అక్కడ నాలుగు మార్కుల లెక్క పట్టదు. చిన్న పరీక్షల్లో కొన్ని గళ్లు ఖాళీగా వదలడమే మంచిది.

అసలు చిక్కు గడి పేరులో ఉంది. దర్పణం లెక్క అన్వయం గడిలో కూర్చుంటుంది. కానీ అవే అంకెలతో తరగతిలో చేయించి ఉంటే, పిల్లలు రాసేది జ్ఞాపకమే. అందుకే ప్రతి ప్రశ్న పక్కన, అది పిల్లలకు కొత్తదా కాదా అని రాసుకోవాలి. ‘లేదా’ ప్రశ్నలకూ ఇదే కొలత: రెండూ ఒకే గడివి కాకపోతే, ఛాయిస్ తీసుకున్న పిల్లవాడి చేతిలో పట్టిక మారిపోతుంది.