మాట వినిపిస్తోంది, బొమ్మ కనిపించడం లేదా? ముందు టార్చ్ వేసి చూడండి

టీవీ ఆన్ చేస్తే వార్తలు చదివే గొంతు స్పష్టంగా వినిపిస్తుంది. రిమోట్‌తో చానల్ మారిస్తే మాట మారుతుంది, సౌండ్ పెంచితే పెరుగుతుంది. తెర మాత్రం నల్లగానే ఉంటుంది. వెంటనే ఇంట్లో ఎవరో ఒకరు "ప్యానెల్ పోయింది, ఇక కొత్తది కొనాల్సిందే" అనేస్తారు. ఆ మాట నమ్మే ముందు రెండు నిమిషాల పరీక్ష ఒకటి ఉంది. దానికి కావలసింది టార్చ్ లైటు మాత్రమే. ఫోన్‌లోని టార్చ్ అయినా సరిపోతుంది.

మనం ఎల్‌ఈడీ టీవీ అని పిలిచేదాంట్లో బొమ్మ గీసే పని ఎల్‌సీడీ ప్యానెల్‌ది. దానికి సొంత వెలుతురు లేదు. వెనక వరుసగా అమర్చిన చిన్న ఎల్‌ఈడీ దీపాల కాంతి తనలోంచి వస్తేనే అది గీసిన బొమ్మ మన కంటికి కనబడుతుంది. ఆ దీపాల వరుసే బ్యాక్‌లైట్. అది ఆరిపోయినా ప్యానెల్ తన పని తాను చేస్తూనే ఉంటుంది. బొమ్మ అక్కడే ఉంటుంది, చీకట్లో ఉంటుంది అంతే.

పరీక్ష రాత్రిపూట, గదిలో లైట్లన్నీ తీసేసి చేయండి. టీవీ ఆన్ చేసి, తెల్లటి భాగం ఎక్కువగా ఉండే బొమ్మ వచ్చేలా చూసుకోండి. రిమోట్‌లో మెనూ బటన్ నొక్కితే అదే చాలు. టార్చ్‌ను తెరకు బాగా దగ్గరగా, కాస్త ఏటవాలుగా పట్టుకుని మెల్లగా జరుపుతూ, వెలుగు పడిన చోటే చూడండి. ఎదురుగా వేస్తే వెలుగు తిరిగి మీ కళ్లలోనే కొడుతుంది, ఏమీ తెలియదు. మసకగానైనా మెనూ అక్షరాలో, కదిలే మనుషుల నీడలో కనిపించాయంటే ప్యానెల్, మెయిన్ బోర్డు పనిచేస్తున్నట్టే. పోయింది బ్యాక్‌లైట్. టార్చ్ ఎంత జరిపినా ఏమీ కనబడకపోతే లోపం ప్యానెల్‌లోనో, దానికి సిగ్నల్ అందించే బోర్డులోనో ఉండవచ్చు. ఓఎల్‌ఈడీ టీవీలకు ఈ పరీక్ష పనికిరాదు. వాటికి బ్యాక్‌లైటే ఉండదు. కొన్ని టీవీల్లో పొదుపు కోసం తెరను మాత్రమే ఆర్పే సెట్టింగ్ ఉంటుంది. అది పొరపాటున ఆన్ అయిందేమో కూడా ముందే చూసుకోండి.

ఇంకో ఆనవాలు: ఆన్ చేయగానే తెర ఒక్క క్షణం వెలిగి ఆరిపోవడం. 32 అంగుళాల టీవీ ఒకటి అనుకుందాం. లోపల మూడు పట్టీలు, ఒక్కో పట్టీకి ఆరు దీపాలు. ఈ పద్దెనిమిదీ పాత సీరియల్ బల్బుల దండలాగా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. ఒక్కోదానికి 3 వోల్టుల చొప్పున మొత్తం 54 వోల్టుల దాకా కావాలి. ఒక్క దీపం కాలి తెగినా దారి తెగిపోతుంది. కరెంటు పారకపోవడంతో డ్రైవర్ సర్క్యూట్ వోల్టేజీని పైకి పెంచి చూసి, ప్రమాదమని గుర్తించి ఆపేస్తుంది. అంటే పద్దెనిమిదిలో పదిహేడు బాగున్నా తెర మొత్తం చీకటే.

మెకానిక్ చూడాల్సింది కూడా ఇదే. డ్రైవర్ నుంచి వోల్టేజీ అసలు రాకపోతే లోపం పవర్ బోర్డు వైపు వెతకాలి. ఒక్కసారి పైకి లేచి పడిపోతే ముందుగా పట్టీలను అనుమానించాలి. బ్యాక్‌లైట్ టెస్టర్‌తో పట్టీలను విడివిడిగా వెలిగించి చూస్తే ఏది తెగిందో తేలిపోతుంది.

తెగిన ఒక్క దీపాన్నే మార్చి తక్కువలో తేల్చేస్తామనే వాళ్లుంటారు. నేనైతే వద్దంటాను. మిగతావీ అంతే కాలం అంతే వేడిలో మగ్గినవి, కొద్ది నెలల్లోనే ఇంకొకటి పోవచ్చు. పైగా కొత్తది వెలిగే చోట తెల్లటి మచ్చలా కనిపిస్తుంది. పట్టీల సెట్టు మొత్తం మార్పించడం మేలు. 3 వోల్టుల దీపాలున్న చోట 6 వోల్టులవి వేస్తే సరిగా వెలగవు కాబట్టి పాత పట్టీ మీది నంబరుతో సరిచూసి కొనాలి.

ఇది ఇంట్లో విప్పుకునే పని కాదు. ప్లగ్ తీశాక కూడా పవర్ బోర్డులోని కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. పట్టీలు ప్యానెల్ వెనక ఉంటాయి కాబట్టి పల్చటి ఆ అద్దాన్ని పైకెత్తక తప్పదు. అంచున ఉన్న సన్నటి రిబ్బన్లలో ఒకటి చిరిగినా, అద్దం చిట్లినా టీవీ పోయినట్టే. 55 అంగుళాలదైతే ఇద్దరు పట్టుకుని ఎత్తాలి.

బాగుచేయించాక మెనూలో బ్యాక్‌లైట్‌ను నూటికి యాభై, అరవై దగ్గర ఉంచండి. ఈ దీపాలను త్వరగా చంపేది వేడి, ఆ వేడి పెరిగేది పూర్తి వెలుగులో నడిపినప్పుడే.

టార్చ్ వెలుగులో బొమ్మ గీతలు లేకుండా కనిపిస్తే రిపేరు చేయించడమే లాభం. ఒప్పుకునే ముందు మాత్రం మెకానిక్‌ని మూడు విషయాలు అడగండి: సెట్టు మొత్తం మారుస్తారా, పాత పట్టీలు చూపిస్తారా, విప్పేటప్పుడు ప్యానెల్ పగిలితే బాధ్యత ఎవరిది?