ఒక సోఫాకు 480 కోడ్‌లా?

ఒక సోఫా మోడల్‌ మూడు సైజుల్లో, 40 రకాల బట్టల్లో, నాలుగు రకాల కాళ్లతో దొరుకుతుందనుకుందాం. ప్రతి కలయికకూ ఒక కోడ్ ఇస్తే 480 అవుతాయి. వాటిలో చాలావాటిని ఎవరూ అడగనే అడగరు. అందుకు బదులు మోడల్‌కు ఒక కోడ్, గోడౌన్‌లో నిజంగా ఉండే ఫ్రేములకు, బట్టలకు, కాళ్లకు కలిపి 47 కోడ్‌లు చాలు. కొనేవారు ఎంచుకున్నవి ఆర్డర్‌లో నమోదైతే, ఏ ఫ్రేము తీయాలో, ఎంత బట్ట కోయాలో సాఫ్ట్‌వేరే లెక్కగడుతుంది. పెద్ద సైజుకు సన్నకాళ్లు కుదరవన్న నియమమూ అందులోనే పెట్టాలి. లేకపోతే ఆ పొరపాటు వర్క్‌షాపులో గానీ బయటపడదు.

అయితే ముందే తయారుచేసి నిల్వ ఉంచే బూడిదరంగు సోఫాకు సొంత కోడ్ ఉండాల్సిందే. లేదంటే స్టాకులో ‘సోఫాలు 6’ అని మాత్రమే కనిపిస్తుంది. ఏ రంగువో గోడౌన్‌కు వెళ్లి చూసుకోవాలి.