టిఫిన్ మానేస్తే ఏమవుతుంది? జవాబు రాత్రి భోజనంలో ఉంది

పొద్దున టిఫిన్ తినని వాళ్లు లావెక్కుతారని ఎన్నో ఏళ్లుగా వింటున్నాం. ఈ మాట ఊరికే పుట్టలేదు. వేలమందిని అడిగి లెక్కలు తీసిన సర్వేల్లో, టిఫిన్ మానేసేవాళ్లలో ఊబకాయం, షుగర్, గుండె జబ్బులు ఎక్కువగా కనిపించాయి. అమెరికాలో 6,550 మందిని ఏళ్లతరబడి గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. ఎన్నడూ పొద్దున తిననివాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే ప్రమాదం, రోజూ తినేవాళ్ల కన్నా దాదాపు 87 శాతం ఎక్కువని అందులో తేలింది. పత్రికల్లో పతాక శీర్షిక కావడానికి ఆ ఒక్క అంకె చాలు.

అయితే పొద్దున తినకుండా పరుగెత్తేవాళ్లు ఎవరో కాస్త ఆలోచించండి. రాత్రి ఆలస్యంగా పడుకునేవాళ్లు, సిగరెట్లు కాల్చేవాళ్లు, పని ఒత్తిడిలో వ్యాయామం ఊసెత్తని వాళ్లు వీళ్లలో ఎక్కువ. పరిశోధకులు ఈ తేడాలను లెక్కల్లో సరిచేయాలని చూస్తారు, కానీ పూర్తిగా సరిచేయడం సాధ్యం కాదు. కాబట్టి గుండెకు చేటు చేసింది టిఫిన్ లేకపోవడమా, ఆ మనిషి బతుకుతున్న తీరా అన్నది సర్వే తేల్చలేదు. అది తేలాలంటే కొందరికి టిఫిన్ పెట్టి, కొందరికి మాన్పించి చూడాలి. ఎవరు ఏ జట్టులో ఉండాలో లాటరీ తీసినట్టు నిర్ణయించాలి.

అలాంటి పరీక్షలు జరిగాయి. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 13 పరీక్షల ఫలితాలను కలిపి 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేశారు. టిఫిన్ తిన్న జట్టు రోజు మొత్తం మీద సుమారు 260 కెలరీలు ఎక్కువ తింది. మానేసిన జట్టు మధ్యాహ్నం కొంత ఎక్కువ తిన్నా, పొద్దున తినకుండా మిగిల్చినదంతా తిరిగి భర్తీ చేసుకోలేదు. బరువులో తేడా అరకిలో లోపే, అదీ మానేసినవాళ్ల వైపే మొగ్గింది. ఈ పరీక్షల్లో చాలావాటికి నాణ్యత తక్కువని, అవి కొద్ది వారాలే సాగాయని పరిశోధకులే చెప్పారు. కనుక టిఫిన్ మానేస్తే సన్నబడతారని దీన్నిబట్టి చెప్పలేం. మానేస్తే లావెక్కుతారన్న మాట మాత్రం నిలబడలేదు.

ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరీక్ష ఇంకాస్త లోతుకు వెళ్లింది. సన్నగా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఒక జట్టు ఆరు వారాలపాటు పొద్దున 11 గంటల్లోపు కనీసం 700 కెలరీలు తినాలి. మన లెక్కలో చట్నీతో కలిపి రెండు మసాలా దోసెలు సుమారుగా అంతే. రెండో జట్టు మధ్యాహ్నం 12 దాకా మంచినీళ్లతోనే సరిపెట్టుకోవాలి. తినకపోతే ఒంట్లో కెలరీలు ఖర్చయ్యే వేగం మందగిస్తుందన్నది జనంలో ఉన్న నమ్మకం. విశ్రాంతిలో ఖర్చయ్యే కెలరీలను కొలిస్తే రెండు జట్లకూ తేడా రాలేదు. తేడా వచ్చింది కదలికలో. టిఫిన్ తిన్నవాళ్లు పొద్దుటిపూట ఎక్కువగా అటూ ఇటూ తిరిగారు. వాళ్లు ఎక్కువ తిన్నది ఆ కదలికలో చాలావరకు ఖర్చయిపోయింది. మానేసినవాళ్లు తెలియకుండానే కదలడం తగ్గించుకున్నారు. టిఫిన్ మానేసి చూడాలనుకునే ఆరోగ్యవంతులు తూకం ఒక్కటే కాకుండా ఈ సంగతి కూడా గమనించుకోవాలి.

షుగర్ ఉన్నవాళ్ల కథ వేరు. డానియెలా జకుబోవిచ్ బృందం టైప్ 2 డయాబెటిస్ ఉన్న 22 మందిని పరీక్షించింది. ఒకరోజు మూడు పూటలా పెట్టారు. ఇంకోరోజు టిఫిన్ మాన్పించి, మధ్యాహ్నం, రాత్రి సరిగ్గా అదే భోజనం పెట్టారు. టిఫిన్ మానేసిన రోజు మధ్యాహ్న భోజనం తర్వాత రక్తంలో చక్కెర సుమారు 37 శాతం, రాత్రి భోజనం తర్వాత సుమారు 27 శాతం ఎక్కువగా పెరిగింది. తిన్నది తక్కువే అయినా చక్కెర పెరిగింది.

దీనికి కారణం ఉంది. రాత్రంతా ఏమీ తినకపోతే ఒళ్లు కొవ్వును కరిగించుకుని వాడుకుంటుంది, రక్తంలో కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి. అవి ఎక్కువగా ఉన్నంతసేపు కండరాలు చక్కెరను త్వరగా లోపలికి తీసుకోవు. పొద్దున తిన్న తిండితో విడుదలయ్యే ఇన్సులిన్ ఈ కొవ్వు ఆమ్లాలను దించుతుంది, క్లోమగ్రంథిని కూడా తర్వాతి భోజనానికి సిద్ధం చేస్తుంది. మొదటి భోజనం మధ్యాహ్నమే అయితే, ఆ సన్నాహం లేకుండానే ఒంటికి ఒక పళ్లెం అన్నం ఎదురవుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల క్లోమం కాస్త ఎక్కువ ఇన్సులిన్ వదిలి సర్దుకుంటుంది. షుగర్ ఉన్నవాళ్ల క్లోమానికి ఆ శక్తి తక్కువ.

ఇక రోజుకు ఎన్నిసార్లు తినాలన్న ప్రశ్న. కొద్దికొద్దిగా ఆరుసార్లు తింటే కెలరీలు త్వరగా ఖర్చవుతాయని జిమ్‌లలో ఇప్పటికీ చెబుతున్నారు. తిన్నది అరిగించుకోవడానికి ఒళ్లు మామూలుగా అందులో పదో వంతు ఖర్చు చేస్తుంది. రోజుకు 2,000 కెలరీలు తింటే సుమారు 200 అరుగుదలకే పోతాయి. ఆ రెండు వేలనూ మూడుసార్లు తిన్నా ఆరుసార్లు తిన్నా లెక్క అదే. ప్రాగ్ నగరంలో హానా కహ్లెయోవా బృందం టైప్ 2 డయాబెటిస్ ఉన్న 54 మందికి 12 వారాలు ఆరుసార్లు, మరో 12 వారాలు రెండేసార్లు, అవే కెలరీలు పెట్టింది. ఆరుసార్లు తిన్నప్పుడు 2.3 కిలోలు, రెండుసార్లు తిన్నప్పుడు 3.7 కిలోలు తగ్గారు.

ఈ పరీక్ష పేరు చెప్పి రెండు పూటల తిండికి మారేవాళ్లు ఒక సంగతి మరచిపోతున్నారు. ప్రాగ్‌లో ఆ రెండు పూటలూ టిఫిన్, మధ్యాహ్న భోజనం. సాయంత్రం నాలుగు దాటాక భోజనం లేదు. మన దగ్గర రెండు పూటలంటే చాలామంది టిఫిన్ తీసేసి మధ్యాహ్నం, రాత్రి తింటున్నారు. పూటల లెక్క ఒకటే కావచ్చు, ప్రాగ్ ఫలితాన్ని మాత్రం దానికి అంటగట్టలేం.

ఎందుకంటే రాత్రి ఒళ్లు పగటి ఒళ్లులా ఉండదు. నిద్రవేళకు రెండు గంటల ముందు నుంచే మెదడు మెలటోనిన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద కూడా దాన్ని అందుకునే గ్రాహకాలున్నాయి. మెలటోనిన్ పెరిగినప్పుడు ఆ కణాలు నెమ్మదిస్తాయి. సరిగ్గా ఆ వేళకు కడుపు నిండా అన్నం తింటే చక్కెర ఎక్కువ పెరుగుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో 20 మంది ఆరోగ్యవంతులకు ఒకసారి సాయంత్రం 6కి, ఇంకోసారి రాత్రి 10కి అదే భోజనం పెట్టి, రెండుసార్లూ 11కి పడుకోబెట్టారు. పదింటికి తిన్నప్పుడు చక్కెర గరిష్ఠ స్థాయి సుమారు 18 శాతం ఎక్కువ. రాత్రి కొవ్వు ఖర్చు కావడం సుమారు 10 శాతం తగ్గింది. రోజూ పెందలాడే పడుకునే అలవాటున్నవాళ్లకు దెబ్బ ఎక్కువ తగిలింది. అర్ధరాత్రి దాకా మేల్కొనే అలవాటున్నవాళ్లలో పెద్ద తేడా కనిపించలేదు. కనుక గడియారంలో ఎన్నింటికి తిన్నామన్నదానికన్నా, మీ నిద్రకు ఎంత ముందు తిన్నామన్నది చూసుకోవాలి.

హైదరాబాద్‌లో ఒక బట్టల దుకాణదారును ఊహించుకోండి. వయసు 46, షుగర్ గీత దగ్గరికి వచ్చి ఆగింది, మందులింకా మొదలుకాలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ దించి, పదింబావుకు ఇల్లు చేరి, రెండు పెద్ద గరిటెల అన్నం, పప్పు, వేపుడు, పెరుగు తిని పదకొండుకు పడుకుంటాడు. పొద్దున ఆకలి ఉండదు. రాత్రి తిన్నది ఇంకా బరువుగా ఉండగానే లేస్తాడు మరి. టిఫిన్ మానేశానంటాడు కానీ, పదకొండు లోపు రెండు చెంచాల చక్కెరతో రెండు కాఫీలు, పక్కన నాలుగు బిస్కెట్లు పడతాయి. అంటే ఆయన పొద్దుట చక్కెర తింటూనే ఉన్నాడు, వదిలేసింది ఇడ్లీ పప్పుదనాన్ని, పెసరట్టు మాంసకృత్తుల్ని.

ఈయనకు టిఫిన్ తినమని చెబితే తినలేడు. మార్చాల్సింది రాత్రి నుంచి. ఇంటి నుంచి ఏడు గంటలకు డబ్బా తెప్పించుకుని అన్నం దుకాణంలోనే తినేయవచ్చు. ఇంటికొచ్చాక ఆకలేస్తే మజ్జిగ, ఒక కూర, లేదా గుప్పెడు శనగలు. డబ్బా కుదరని రోజున పదింటికి అన్నం సగానికి తగ్గించి కూర, పప్పు పెంచుకోవాలి. ఇలా చేస్తే చాలామందికి కొన్నాళ్లకు పొద్దున ఆకలి తిరిగి వస్తుంది. అప్పుడు పెసరట్టో, సాంబారుతో రెండు ఇడ్లీలో, ఉడికించిన గుడ్లో తింటే సరి.

ఇది తన ఒంటికి పనిచేస్తోందో లేదో ఆయనే తెలుసుకోగలడు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే చాలు. ఒకే రకం అన్నం, ఒకే కొలత, ఒకే కూర. మూడు రోజులు ఏడింటికి, మూడు రోజులు పదింటికి తినాలి. మొదటి ముద్ద నోట్లో పెట్టిన రెండు గంటలకు వేలు గుచ్చి చూసుకోవాలి. మీటర్ చూపే అంకెలో 15 శాతం దాకా అటూ ఇటూ తేడా ఉండొచ్చు. అందుకే ఒక్క రోజు అంకెను పట్టుకోకూడదు, మూడు రోజుల సగటు చూడాలి. చేతికి చక్కెరో పండ్ల రసమో అంటి ఉంటే అంకె తప్పుగా పెరుగుతుంది, చేతులు కడిగి తుడుచుకోవాలి. రెండు సగటుల మధ్య ముప్పై, నలభై తేడా వస్తే రాత్రి భోజనం వేళ ఆయనకు నిజంగా పట్టించుకోవలసిన విషయం. ఐదారే తేడా ఉంటే ఆయన అన్నం కొలత మీద దృష్టి పెట్టడం మేలు.

ఎదిగే పిల్లల విషయంలో మాత్రం ఈ బేరం పెట్టకండి. జమైకాలో జరిగిన పరీక్షల్లో పోషణ సరిగా లేని పిల్లలు పొద్దున తినకుండా ఉంటే ఏకాగ్రత, జ్ఞాపకశక్తి తగ్గాయి. బాగా తిండి ఉన్న పిల్లల్లో అంత తేడా లేదు. మన బడుల్లో ఖాళీ కడుపుతో ప్రార్థనకు నిలబడే పిల్లలకు టిఫిన్ అంటే చదువే.

ఇంకో మాట అందరికన్నా ముందు షుగర్ మాత్రలు వాడేవాళ్లకు. గ్లిమెపిరైడ్, గ్లిక్లాజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను పిండుతాయి. పొద్దుటి మాత్ర వేసుకుని టిఫిన్ మానేస్తే చక్కెర 70 కన్నా కిందికి పడిపోవచ్చు. చెమట, వణుకు, గుండె దడ, మాట తడబడటం దాని గుర్తులు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి, తర్వాత ఏదైనా తినాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, ఈ మాత్రలు వాడేవాళ్లు తిండి వేళలు మార్చాలనుకుంటే ముందు మందుల చీటీ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మోతాదు మార్చాక మాత్రమే పూట మార్చండి.