ఫోటోలో తెగిపోయిన ఎత్తు

డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదువుతున్న మా పక్కింటి అమ్మాయి ఈమధ్య ఒక లెక్కను ఫోన్‌తో ఫోటో తీసి పంపింది. రూళ్ల కాగితం మీద పెన్నుతో గీసిన బొమ్మ అది. కింద అడ్డంగా ఒక గీత, దాని ఎడమ చివర 0, కుడి చివర 20. ఆ గీత మీద పొట్టిగా ఒక దీర్ఘచతురస్రం. దాని ఎత్తు ఎంతో రాసిన చోటు ఫోటో అంచున తెగిపోయింది.

పక్కనే ప్రశ్న ఉంది. ఒక స్టాపుకు ప్రతి 20 నిమిషాలకు ఒక బస్సు వస్తుంది. టైమ్ చూసుకోకుండా స్టాపుకు వచ్చిన ప్రయాణికుడు ఎదురుచూడాల్సిన సమయం 0 నుంచి 20 నిమిషాల దాకా ఏకరూప విభాజనంలో ఉంది. 5 నిమిషాల లోపు బస్సు దొరికే సంభావ్యత ఎంత? 8 నుంచి 14 నిమిషాల మధ్య దొరికే సంభావ్యత ఎంత? సరిగ్గా 12 నిమిషాలకు దొరికే సంభావ్యత ఎంత? చివరగా, ఇప్పటికే 10 నిమిషాలు నిలబడినవాడు ఇంకా 5 నిమిషాలకు మించి నిలబడాల్సి వచ్చే సంభావ్యత ఎంత?

"అంకుల్, ఎత్తు కనబడటం లేదు, మళ్లీ ఫోటో తీసి పంపనా?" అని కింద రాసింది. అక్కర్లేదమ్మా అన్నాను. తెగిపోయిన ఆ అంకెను మిగిలిన బొమ్మే చెప్పేస్తుంది.

ఎలాగంటే, ఇలాంటి బొమ్మలో సంభావ్యతను కొలిచేది వైశాల్యం. బస్సు 0కీ 20కీ మధ్య ఎప్పుడో ఒకప్పుడు రావడం ఖాయం కాబట్టి దీర్ఘచతురస్రం మొత్తం వైశాల్యం 1 కావాలి. పొడవు 20 అయితే, ఎత్తు 20లో ఒక వంతు అయితే తప్ప ఆ లబ్ధం 1 కాదు. ఎత్తు 1/20 అన్నమాట. పైగీత వంపు లేకుండా సమానంగా ఉండటానికి కారణం కూడా ప్రశ్నలోనే ఉంది. ప్రయాణికుడు టైమ్ చూసుకోకుండా వచ్చాడు. బస్సు వెళ్లిపోయిన మరుక్షణం వచ్చి ఉండొచ్చు, తర్వాతి బస్సు మలుపు తిరుగుతుండగా వచ్చి ఉండొచ్చు. ఆ 20 నిమిషాల్లో ఒక క్షణానికి మరో క్షణం కంటే మొగ్గు ఏమీ లేదు.

ఇది పట్టుబడితే మొదటి రెండు ప్రశ్నలూ చూపుతోనే తేలిపోతాయి. 5 నిమిషాల లోపు అంటే 0 నుంచి 5 దాకా ఉన్న పట్టీ. దాని వైశాల్యం 5ను 1/20తో గుణిస్తే వచ్చేది, అంటే 1/4. 8కీ 14కీ మధ్య పట్టీ వెడల్పు 6, కాబట్టి 6/20, అంటే 0.3. ఆ 6 నిమిషాలూ మొదట్లోవా, మధ్యలోవా, చివరివా అన్నదానితో పనిలేదు. పైగీత సమానంగా ఉన్నంతవరకు వెడల్పు ఒక్కటే చాలు.

అయితే ఎత్తునే సంభావ్యత అనుకునే పొరపాటు చాలా సహజంగా వస్తుంది. ఆ అమ్మాయి తెలివైనది కాబట్టి అక్కడే ఆగి ఒక ప్రశ్న వేసింది. నిమిషాలకు బదులు గంటల్లో లెక్క చేసిందట. 20 నిమిషాలంటే గంటలో మూడో వంతు. పొడవు 1/3 అయితే ఎత్తు 3 అవుతుంది. "సంభావ్యత 1 దాటకూడదు కదా అంకుల్, 3 ఎలా వచ్చింది?" అని అడిగింది. సంభావ్యత 1 దాటదు, నిజమే. కానీ ఎత్తు సంభావ్యత కాదు, సాంద్రత. గంటకు ఎంత చొప్పున సంభావ్యత పరుచుకుని ఉందో అది చెబుతుంది. 5 నిమిషాలంటే గంటలో 12వ వంతు. 3ను 1/12తో గుణిస్తే మళ్లీ అదే 1/4. కొలమానం మారితే బొమ్మ సన్నబడి ఎత్తు పెరిగింది. వైశాల్యం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. నా మట్టుకు నాకు, సాంద్రత అనే మాటకు ఇచ్చే నిర్వచనాలన్నిటికన్నా ఈ ఒక్క లెక్కే ఎక్కువ బోధపరుస్తుంది.

మూడో ప్రశ్న, సరిగ్గా 12 నిమిషాలకు. ఇక్కడ పట్టీకి వెడల్పే లేదు, ఒట్టి గీత. గీతకు వైశాల్యం ఉండదు కాబట్టి జవాబు సున్నా. ఇది వినగానే చాలామందికి మింగుడుపడదు, ఎందుకంటే 12 నిమిషాలకు బస్సు ఎక్కినవాళ్లు ఉంటారు కదా. చేతి గడియారం చూసి "12 నిమిషాలు పట్టింది" అన్నప్పుడు మనం నిజంగా చెబుతున్నది 12 నిండి 13 నిండలేదని. అది ఒక నిమిషం వెడల్పున్న పట్టీ, దానికి 1/20 సంభావ్యత ఉంది. సెకను దాకా పట్టి చూస్తే పట్టీ సన్నబడి 1/1200 అవుతుంది. సెకనులో పదో వంతు దాకా చూస్తే 1/12000. వెడల్పును ఇలా తగ్గించుకుంటూ పోతే చివరికి మిగిలేది సున్నాయే. అందుకే ఇలాంటి లెక్కల్లో "5 కంటే తక్కువ" అన్నా "5 లేదా అంతకంటే తక్కువ" అన్నా జవాబు మారదు. విడివిడి అంకెలతో సాగే ద్విపద విభాజనం లెక్కల్లో మాత్రం ఆ తేడా జవాబునే మార్చేస్తుంది. ఇంటర్‌లో ద్విపద, పాయిజాన్ విభాజనాలు చేసి వచ్చినవాళ్లు ఇక్కడ అనవసరంగా తడబడేది అందుకే.

నాలుగో ప్రశ్నకు ఆ అమ్మాయి 3/4 అని రాసింది. ఇంకా 5 నిమిషాలకు మించి అంటే 5 నుంచి 20 దాకా ఉన్న పట్టీ కదా అని. స్టాపుకు అప్పుడే వచ్చినవాడికి ఆ జవాబు సరైనదే. కానీ మనవాడు 10 నిమిషాలు నిలబడ్డాడు, బస్సు రాలేదు. ఆ కబురు బొమ్మను మార్చేస్తుంది. 0 నుంచి 10 దాకా ఉన్న సగం దీర్ఘచతురస్రం ఇక లేదు, కొట్టేయాలి. మిగిలిన సగం వైశాల్యం 1/2 మాత్రమే, కానీ బస్సు రావడం ఇప్పటికీ ఖాయం. కాబట్టి ఆ మిగిలిన ముక్క వైశాల్యం మళ్లీ 1 అయ్యేలా ఎత్తును రెట్టింపు చేయాలి, 1/10. ఇప్పుడు 15 నుంచి 20 దాకా ఉన్న పట్టీ వైశాల్యం 5ను 1/10తో గుణిస్తే 1/2. షరతుతో కూడిన సంభావ్యతకు పుస్తకంలో ఉండే భాగహారం సూత్రం చేసే పని కూడా ఇంతే, పోయిన భాగాన్ని కొట్టేసి మిగిలినదాన్ని సాగదీయడం. నిలబడిన కొద్దీ బస్సు దగ్గరపడుతోందని ఈ స్టాపులో నమ్మకంగా అనుకోవచ్చు.

లెక్క ఇక్కడితో అయిపోయింది, మార్కులూ పడతాయి. నన్ను పట్టుకున్నది మాత్రం ప్రశ్నలోని మొదటి వాక్యం. ప్రతి 20 నిమిషాలకు ఒక బస్సు అంటే, కచ్చితంగా 20కి ఒకటా, సగటున 20కి ఒకటా? దీర్ఘచతురస్రం మొదటి అర్థంలోనే నిలబడుతుంది.

ఊళ్లో బస్సులు సమాన దూరాల్లో నడవవు. వాటిని అలా వదిలేస్తే అవే గుంపుకడతాయని 1964లో న్యూవెల్, పాట్స్ అనే ఇద్దరు గణితపరంగా చూపించారు. ఏదో సిగ్నల్ దగ్గర ఒక బస్సు కాస్త ఆలస్యమైందనుకోండి. ఆలస్యమైంది కాబట్టి తర్వాతి స్టాపులో జనం ఎక్కువ పోగవుతారు. వాళ్లంతా ఎక్కడానికి టైమ్ పడుతుంది, బస్సు ఇంకా ఆలస్యమవుతుంది. వెనక వచ్చే బస్సుకు ఎక్కేవాళ్లు తక్కువ, అది గబగబా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. చాలాసేపు ఏదీ రాక, తర్వాత రెండు బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తే దాని వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

దీన్ని లెక్కలో పెట్టి చూద్దాం. ఒక స్టాపులో బస్సుల మధ్య ఎడం ఒకసారి 10 నిమిషాలు, తర్వాత 30 నిమిషాలు, మళ్లీ 10, మళ్లీ 30, ఇలా మారుతూ ఉందనుకోండి. సగటు ఎడం 20 నిమిషాలే. కాబట్టి సగటున 10 నిమిషాలు నిలబడితే చాలు అనిపిస్తుంది, కానీ చాలదు. ప్రతి 40 నిమిషాల్లో 30 నిమిషాలు పెద్ద ఎడానివే. వానచినుకులు చిన్న పెరట్లో కన్నా పెద్ద పెరట్లో ఎక్కువ పడ్డట్టే, టైమ్ చూసుకోకుండా వచ్చిన ప్రయాణికుడు నాలుగింట మూడుసార్లు పెద్ద ఎడంలోనే పడతాడు. అక్కడ పడితే సగటున 15 నిమిషాలు, చిన్నదాంట్లో పడితే 5 నిమిషాలు నిలబడాలి. 15లో మూడు వంతులు, 5లో ఒక వంతు కలిపితే 12.5 నిమిషాలు. బస్సుల సంఖ్య ఒక్కటి కూడా తగ్గలేదు, నిరీక్షణ మాత్రం రెండున్నర నిమిషాలు పెరిగింది. విలియం ఫెల్లర్ 1966లో తెచ్చిన సంభావ్యతా గ్రంథం రెండో సంపుటిలో ఈ నిరీక్షణ వైరుధ్యాన్ని వివరంగా చర్చించాడు.

బొమ్మ కూడా మారిపోతుంది. 0 నుంచి 10 దాకా ఎత్తు 1/20 అలాగే ఉంటుంది, ఎందుకంటే అంతసేపు నిలబడటం రెండు రకాల ఎడాల్లోనూ కుదురుతుంది. 10 నుంచి 30 దాకా నిలబడటం పెద్ద ఎడంలోనే సాధ్యం కాబట్టి అక్కడ ఎత్తు సగానికి పడి 1/40 అవుతుంది. దీర్ఘచతురస్రం పోయి రెండు మెట్లు వచ్చాయి. వైశాల్యం చూసుకోండి, మొదటి మెట్టు సగం, రెండో మెట్టు సగం, మొత్తం 1.

ఏ స్టాపులో ఏ బొమ్మ ఉందో తెలుసుకోవడానికి పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. వేర్వేరు రోజుల్లో, టైమ్ చూసుకోకుండా వెళ్లి, ఎంతసేపు నిలబడ్డామో రాసుకుంటే చాలు. రాసినవాటిని ఐదేసి నిమిషాల గడుల్లో పంచాలి. అన్ని గడుల్లోనూ దాదాపు సమానంగా పడితే దీర్ఘచతురస్రాన్ని నమ్మొచ్చు. మొదటి గడులు నిండుగా ఉండి, చివరి గడులు పలచబడుతూ 20 దాటి సాగిపోతే బస్సుల ఎడాలు సమానంగా లేవని అర్థం. అయితే టైమ్‌టేబుల్ చూసుకుని బయల్దేరిన రోజులను ఇందులో కలపకూడదు. కలిపితే మొదటి గడులు వేరే కారణంతో నిండిపోతాయి.

ఆ అమ్మాయి నాలుగో ప్రశ్నను ఈ మెట్ల బొమ్మ మీద మళ్లీ చేయమన్నాను. 10 నిమిషాలు గడిచాయంటే మొదటి మెట్టు మొత్తం పోయింది. మిగిలింది 10 నుంచి 30 దాకా ఉన్న రెండో మెట్టు, వైశాల్యం 1/2. దాన్ని రెట్టింపు చేస్తే ఎత్తు 1/20. అంటే ఇంకా నిలబడాల్సింది 0 నుంచి 20 నిమిషాల దాకా ఎంతైనా కావచ్చు, అన్నీ సమానమే. 5 నిమిషాలకు మించి నిలబడే సంభావ్యత 15/20, అంటే 3/4. స్టాపుకు వచ్చిన తొలి క్షణంలోనూ, ఈ మెట్ల బొమ్మలోనే, అది 3/4గానే ఉండింది. సమానంగా నడిచే బస్సుల స్టాపులో 10 నిమిషాలు నిలబడినవాడికి ఆ నిరీక్షణ 3/4ను 1/2కి దించింది. ఇక్కడ అదే 10 నిమిషాలు నిలబడినవాడికి ఆ అంకె వెంట్రుకవాసి కూడా కదల్లేదు.