కరెంటు పోయినా మరవని డబ్బా

అనంతపురం జిల్లాలో మా మేనమామకు ఐదు హార్స్‌పవర్ బోరు మోటరు ఉంది. దానికి బిగించిన ఆటో స్టార్టర్‌లోని ప్రోగ్రాం రాసింది నేను. బిగించిన నాలుగైదు నెలలకు ఆయన ఫోన్ చేశాడు. "అల్లుడా, కరెంటు ఉంది గాని మోటరు ఆడటంలే. పచ్చ బటన్ నొక్కితే ఆడుతుంది, తనంతట తాను మాత్రం ఆన్ కాదు" అన్నాడు.

వెళ్లి డబ్బా తెరిచి చూశాను. కరెంటు వచ్చాక మోటరు ఆన్ చేయడానికి ముందు 60 సెకన్లు ఆగమని దానికి చెప్పి ఉంచాం. ఊళ్లో మోటర్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదు గనక ఆ ఆలస్యం కావాలి. ఇప్పుడా 60 ఉండాల్సిన చోట 65535 ఉంది. అంటే 18 గంటల 12 నిమిషాలు. అంతసేపు వరసగా కరెంటు ఉండేదెప్పుడు, మోటరు ఆడేదెప్పుడు? దాని కింద అంకె చూసి ఇంకా భయం వేసింది. మోటరు ఎన్ని ఆంపియర్లు దాటి లాగితే ఆపాలో చెప్పే అంకె 6553.5 అయి కూర్చుంది. అంటే రక్షణ లేనట్టే. మామయ్య బటన్ నొక్కి ఆడించిన ఆ రెండు రోజుల్లో ఏ ఫేజు పోయినా వైండింగ్ కాలిపోయేది.

65535 ఎవరో పెట్టిన అంకె కాదు. ఏమీ రాయని ఫ్లాష్ మెమరీని చదివితే కనిపించేది అదే. డబ్బా తన జ్ఞాపకాన్ని చెరుపుకుంది గాని తిరిగి రాసుకోలేకపోయింది.

ఎందుకలా జరిగిందో తెలియాలంటే ఫ్లాష్ ఎలా పనిచేస్తుందో కొంచెం చూడాలి. 1980 దశకంలో జపాన్‌లోని తోషిబాలో ఫుజియో మసువోకా దీన్ని కనిపెట్టారు. ఇందులో ఒక్కో బిట్టుకు ఒక్కో సన్నని గది ఉంటుంది. చుట్టూ కరెంటు పారని పలుచని పొర. ఆ పొరగుండా ఎలక్ట్రాన్లను బలవంతంగా లోపలికి తోస్తే బిట్టు 0 అవుతుంది, బయటికి లాగేస్తే 1 అవుతుంది. పొర అడ్డు ఉంది కాబట్టే కరెంటు లేకపోయినా ఏళ్ల తరబడి ఎలక్ట్రాన్లు అక్కడే ఉంటాయి. ఈ ఏర్పాటులో ఒక మెలిక ఉంది. పలక మీద బలపంతో ఎక్కడ కావాలంటే అక్కడ రాయొచ్చు, కానీ ఒక్క అక్షరాన్ని చెరపడం కుదరదు, తుడిస్తే పలకంతా తుడవాల్సిందే అనుకోండి. ఫ్లాష్ అచ్చం అలాంటి పలక. ఒక్కో పలకను పేజీ అంటారు. తుడిచిన పేజీలో బిట్లన్నీ 1లే. పదహారు 1లు వరసగా చదివితే 65535.

మా డబ్బాలో ఉన్నది ఎస్‌టీఎం32ఎఫ్103 అనే చిన్న చిప్పు. మేం వాడిన రకంలో పేజీకి 1024 బైట్లు. ఒక పేజీ తుడవడానికి 20 నుంచి 40 మిల్లీసెకన్లు పడుతుంది. రెండు బైట్లు రాయడానికి మాత్రం 70 మైక్రోసెకన్లకు మించదు. తుడవడంతో పోలిస్తే రాయడం కొన్ని వందల రెట్లు వేగం. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, పరిష్కారమంతా దాని మీదే నిలిచి ఉంది.

తుడిచిన ప్రతిసారీ ఆ పలుచని పొర కాస్త దెబ్బతింటుంది. ఈ చిప్పుకు ఒక పేజీని 10,000 సార్లు తుడిచే వరకే తయారీదారు హామీ. నేను చేసిన తప్పు ఇక్కడే మొదలైంది. మోటరు మొత్తం ఎన్ని గంటలు ఆడిందో లెక్క ఉండాలని నిమిషానికోసారి పేజీని తుడిచి, సెట్టింగులతో పాటు కొత్త నిమిషాల లెక్కను రాయించాను. రోజుకు ఏడు గంటలు మోటరు ఆడితే 420 తుడుపులు. 10,000 అయిపోవడానికి 24 రోజులు చాలు! హామీ దాటాక కూడా చిప్పు చాలాకాలం బండి లాగుతుంది గాని, ఏ రోజు మొరాయిస్తుందో చెప్పలేం. ఇలాంటి పొరపాటు పెద్ద చోట్ల కూడా జరిగింది. 2021లో అమెరికాలో టెస్లా సంస్థ దాదాపు 1,35,000 కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. వాటి తెర వెనకున్న కంప్యూటర్‌లోని ఫ్లాష్ రాతలు, తుడుపులతో అరిగిపోవడమే కారణం.

అయితే మామయ్య డబ్బాను పాడుచేసింది అరుగుదల ఒక్కటే కాదు. నిమిషానికోసారి 40 మిల్లీసెకన్ల పాటు పాత రాత ఉండదు, కొత్త రాత ఇంకా రాదు. సరిగ్గా ఆ సందులో కరెంటు పోతే సెట్టింగులు గల్లంతు. 60 సెకన్లలో 40 మిల్లీసెకన్లంటే పదిహేను వందల్లో ఒక వంతు. తక్కువే కదా అనిపిస్తుంది. మోటరు ఆడుతుండగా రోజుకు పదిసార్లు కరెంటు పోయి వచ్చే పల్లెలో లెక్కేయండి. 150 రోజులకొకసారి ఈ ప్రమాదం ఎదురవుతుంది. అలాంటి డబ్బాలు వంద ఉంటే, రోజున్నరకొక రైతు ఫోన్ చేస్తాడు. మా బల్ల మీద నెలంతా పరీక్షించినా ఇది బయటపడలేదు. మా బల్ల దగ్గర కరెంటు అన్నిసార్లు పోదు మరి.

తిరిగి రాసిన ప్రోగ్రాం పద్ధతి మన కిరాణా కొట్టు చిట్టా పుస్తకం లాంటిది. కొట్టతను పాత పద్దును చెరిపి దాని మీదే కొత్తది రాయడు, కిందివరసలో రాస్తాడు. మేం కూడా సెట్టింగులు మారినప్పుడు పాతదాన్ని ముట్టుకోకుండా, పేజీలో తర్వాతి ఖాళీలో కొత్త రికార్డు రాస్తాం. రికార్డు 16 బైట్లు. అందులో ముందు వరస సంఖ్య, తర్వాత సెట్టింగులు, నిమిషాల లెక్క, చివర సీఆర్‌సీ. ఈ సీఆర్‌సీ ముందున్న బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే సరిచూపు అంకె. రాత మధ్యలో కరెంటు పోతే అది కుదరదు, ఆ రికార్డును వదిలేసి దాని పైదాన్ని తీసుకుంటాం. బైట్లను ఊరికే కూడి సరిచూస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. అన్నీ సున్నాలైన చెడ్డ రికార్డు కూడా ఆ కూడికలో నెగ్గిపోతుంది, కాబట్టి అది పనికిరాదు.

పేజీ మొదట్లో ఒక గుర్తుకు 16 బైట్లు పోగా 63 రికార్డులు పడతాయి. అది నిండేసరికి రెండో పేజీ ముందే తుడిచి సిద్ధంగా ఉంటుంది. కొత్త రికార్డు అందులో రాసి, తిరిగి చదివి సరిచూసుకున్నాకే మొదటి పేజీని తుడుస్తాం. ఆ తుడుపు మధ్యలో కరెంటు పోయినా నష్టం లేదు, తాజా రికార్డు రెండో పేజీలో భద్రంగా ఉంది. కరెంటు వచ్చాక రెండు పేజీలూ చూసి, సీఆర్‌సీ కుదిరినవాటిలో పెద్ద వరస సంఖ్య ఉన్నదాన్ని తీసుకుంటాం.

అరుగుదల లెక్క కూడా ఇప్పుడు మారిపోయింది. రెండు పేజీల్లో కలిపి 126 రికార్డులకు ఒక్కో పేజీ ఒక్కసారే తుడుపు చూస్తుంది. నిమిషాల లెక్కను పావుగంటకోసారికి తగ్గించాం. అవి రోజుకు 28, కరెంటు పోయినప్పుడల్లా రాసేవి మరో పది. 10,000 తుడుపులు అయ్యేసరికి 90 ఏళ్లు పడుతుంది.

కరెంటు పోతున్న క్షణంలో రాయడమెలా అన్నది మిగిలింది. మా బోర్డులో 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంది. కరెంటు పోయాక దాని వోల్టేజీ 5 నుంచి మూడున్నరకు దిగేదాకా చిప్పు సక్రమంగా పనిచేస్తుంది. 30 మిల్లీఆంపియర్ల వాడకానికి అది 23 మిల్లీసెకన్ల కాలం. పేజీ తుడవడానికి ఇది చాలకపోవచ్చు. ఒక రికార్డు రాయడానికి అర మిల్లీసెకను పైచిలుకు చాలు గనక దానికి ధారాళంగా సరిపోతుంది. అందుకే ఖాళీ చోటు ఎప్పుడూ ముందే సిద్ధంగా ఉండాలి. కరెంటు పోతోందన్న కబురు రెగ్యులేటర్‌కు ముందున్న తీగ నుంచే తీసుకోవాలి. చిప్పుకు అందే 3.3 వోల్టులను చూస్తూ కూర్చుంటే కబురందేసరికి కాలం మించిపోతుంది. కబురందగానే రిలేను వదిలేసి, రికార్డు రాసి ఊరుకుంటాం. ఒక్క లోటు మాత్రం ఉంది. పేజీ తుడుస్తున్నంతసేపు ఈ చిప్పు వేరే పని చేయలేదు. అప్పుడే కరెంటు పోతే చివరి పావుగంట లెక్క పోతుంది. సెట్టింగులు పోవు.

ఈ పనిలో నన్ను ఎక్కువ రోజులు తిప్పలు పెట్టింది సగం రాసిన బిట్టు. ఎలక్ట్రాన్లు చాలినన్ని చేరకముందే కరెంటు పోతే ఆ బిట్టు ఇవాళ 0గా, రేపు ఎండ వేడికి 1గా చదవబడవచ్చు. పొద్దున సీఆర్‌సీ కుదిరిన రికార్డు మధ్యాహ్నం కుదరదు. సగం తుడిచిన పేజీ కూడా అంతే, చూడటానికి శుభ్రంగానే కనిపిస్తుంది. అందుకని కరెంటు వచ్చాక చివరి రికార్డును నమ్మి వాడుకున్నా, దాన్ని కొత్త చోట మరోసారి రాస్తాం. తుడుపు పూర్తయ్యాకే పేజీ మొదట్లో గుర్తు పెడతాం. గుర్తు లేని పేజీ ఎంత ఖాళీగా కనబడినా మళ్లీ తుడుస్తాం. ఈ మళ్లీ రాతల వల్ల 90 ఏళ్లు 70 అవుతాయి, అవనీ.

పల్లెలో కరెంటు వచ్చేటప్పుడు ఒక్కసారిగా వచ్చి నిలబడదు. వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. కెపాసిటర్ ఇంకా నిండదు. లేచిన వెంటనే ఫ్లాష్ ముట్టుకునే ప్రోగ్రాం ఆ తడబాటులోనే పాడవుతుంది. మా డబ్బా మొదటి ఐదు సెకన్లు చదువుతుందే తప్ప ఒక్క బైటూ రాయదు. చదివిన అంకె హద్దుల్లో ఉందో లేదో కూడా చూసుకుంటుంది. ఆలస్యం 5 నుంచి 600 సెకన్ల మధ్య లేకపోతే ముందే ఇచ్చిన 60ని తీసుకుని, ఆ సంగతి తెర మీద చూపిస్తుంది. ఈ ఒక్క జాగ్రత్త మొదటి ప్రోగ్రాంలో ఉండి ఉంటే మామయ్య మోటరు రెండు రోజులు రక్షణ లేకుండా ఆడేది కాదు.

మీరు ఆటో స్టార్టర్ కొంటుంటే కొట్లోనే ఒక పరీక్ష చేయించండి. మోటరు వైర్లు తగిలించకుండా డబ్బాకు మాత్రం కరెంటు ఇప్పించండి. ఆలస్యాన్ని 60 బదులు 47 పెట్టమని చెప్పండి. పెట్టిన మరుక్షణమే స్విచ్ ఆపించి, మళ్లీ వేయించండి. ఓ ఇరవైసార్లు, ఒకసారి వెంటనే, ఒకసారి ఆగి, ఒకసారి టకటకా. ప్రతిసారీ 47 కనిపించాలి, లేదా మార్చకముందున్న 60 కనిపించాలి. మూడో అంకె ఒక్కసారి కనిపించినా ఆ డబ్బా తీసుకోకండి.