పట్టుదారం నిలబెట్టిన దేశం

నల్ల ఓడలు వచ్చాయి

జపాన్ దేశానికి నాలుగు వైపులా సముద్రమే. ఆసియా ఖండానికి తూర్పు కొసన ఉన్న దీవుల దేశం అది. రెండు వందల ఏళ్లకు పైగా ఆ దేశం బయటివాళ్లను రానివ్వలేదు. ఒక్క రేవులో మాత్రం కొద్దిమంది విదేశీ వర్తకులకు చోటిచ్చింది.

1853 జులైలో ఒకరోజు ఎడో నగరం దగ్గర సముద్రంలో నాలుగు నల్లటి ఓడలు కనిపించాయి. ఇప్పుడు టోక్యో అంటున్న నగరమే ఆనాటి ఎడో. ఆ ఓడల్లో రెండు పొగ కక్కుతున్నాయి. తెరచాప లేకుండానే గాలికి ఎదురుగా వస్తున్నాయి. వాటినిండా ఫిరంగులు ఉన్నాయి. ఒడ్డున నిలబడిన జనం బిత్తరపోయారు.

అవి అమెరికా ఓడలు. వాటి నాయకుడి పేరు పెర్రీ. "మీ రేవులు మాకు తెరవండి. వచ్చే ఏడు మళ్లీ వస్తాం. జవాబు సిద్ధంగా ఉంచండి" అన్నది అతను తెచ్చిన కబురు. చెప్పినట్టే 1854లో ఇంకా ఎక్కువ ఓడలతో వచ్చాడు. జపాన్ ఒప్పుకోక తప్పలేదు.

తరువాత ఇంగ్లండు, ఫ్రాన్సు, రష్యా కూడా వచ్చి ఒప్పందాలు రాయించుకున్నాయి. ఆ ఒప్పందాల్లో రెండు షరతులు జపాన్ మెడకు ఉచ్చులయ్యాయి. విదేశీయుడు జపాన్‌లో నేరం చేస్తే జపాన్ కోర్టు అతన్ని విచారించకూడదు. ఇది మొదటి షరతు. విదేశీ సరుకు మీద జపాన్ తన ఇష్టం వచ్చినంత పన్ను వెయ్యకూడదు. ఇది రెండోది. 1866 నుంచి ఆ పన్ను వందకు అయిదు దగ్గర ఆగిపోయింది. దాంతో విదేశీ మిల్లు బట్ట చవగ్గా వచ్చి పడింది. ఇంట్లో నూలు వడికే ఆడవాళ్ల చేతిలో పని పోయింది.

ఇలాంటి దారి ఎక్కడికి పోతుందో జపాన్ పెద్దలకు తెలుసు. పక్కనే ఉన్న చైనా ఇంగ్లీషువారితో యుద్ధంలో ఓడింది. 1842లో హాంకాంగ్ దీవిని పోగొట్టుకుంది. మన దేశం 1858 నాటికి ఇంగ్లండు రాణి ఏలుబడిలోకి పోయింది. ముందు వ్యాపారం, తరువాత సైన్యం, ఆ తరువాత రాజ్యం. తమకూ అదే గతి పడుతుందని వాళ్లు భయపడ్డారు.

డబ్బు ఎక్కడిది?

1868లో జపాన్‌లో పాత ప్రభుత్వం కూలింది. మెయిజీ చక్రవర్తి పేరు మీద కొత్త ప్రభుత్వం వచ్చింది. చక్రవర్తికి అప్పుడు పదిహేనేళ్లు. పాలించింది మాత్రం ఆయన చుట్టూ ఉన్న నాయకులు. దేశం నిలబడాలంటే ఓడలు, ఫిరంగులు, రైళ్లు, యంత్రాలు కావాలని వాళ్లు అనుకున్నారు. అవన్నీ విదేశాల్లో కొనాలి. మరి డబ్బు?

అప్పు చెయ్యవచ్చు. మొదటి రైలు దారికి లండనులో అప్పు తెచ్చారు కూడా. 1872లో టోక్యో నుంచి యోకోహామా రేవుకు రైలు నడిచింది. కానీ అప్పు ఎక్కువైతే అప్పిచ్చినవాడే ఇంటి యజమాని అవుతాడు. ఈజిప్టు దేశానికి సరిగ్గా అదే జరిగింది. అప్పులు తీర్చలేక 1876లో చేతులెత్తేసింది. 1882లో ఇంగ్లీషు సైన్యం వచ్చి ఆ దేశంలో కూర్చుంది. అందుకే జపాన్ విదేశీ అప్పు విషయంలో చాలా జాగ్రత్త పడింది.

డబ్బు రైతుల దగ్గర తీశారు. 1873లో కొత్త భూమి శిస్తు వచ్చింది. భూమి ఖరీదు కట్టి, వందకు మూడు చొప్పున ఏటా కట్టమన్నారు. అంతకుముందు వడ్లు కొలిచేవాళ్లు. ఇప్పుడు రొక్కం కట్టాలి. పంట పండినా ఎండినా కట్టాలి. రైతులు తిరగబడ్డారు. 1877లో ప్రభుత్వం దాన్ని వందకు రెండున్నరకు తగ్గించింది.

అయితే శిస్తు డబ్బు జపాన్ డబ్బు. విదేశీ యంత్రం కొనాలంటే విదేశీ డబ్బు కావాలి. అది రావాలంటే విదేశాలకు ఏదైనా అమ్మాలి. జపాన్ దగ్గర అమ్మడానికి ఏముంది? పట్టు ఉంది.

ఒక్క పోగులో ఉన్న కిటుకు

ఆ రోజుల్లో ఫ్రాన్సు, ఇటలీ దేశాల్లో పట్టుపురుగులకు జబ్బు వచ్చింది. పురుగులు కుప్పలుగా చచ్చాయి. అక్కడి వర్తకులు పట్టు కోసం జపాన్‌కు వచ్చారు. జపాన్ పల్లెల్లో ఆడవాళ్లు ఇంట్లోనే మల్బరీ ఆకు వేసి పురుగులను పెంచేవాళ్లు. గూళ్లను వేడినీళ్లలో వేసి చేత్తో దారం తీసేవాళ్లు.

గిరాకీ పెరిగింది. తొందర కూడా పెరిగింది. దారం ఒకచోట లావు, ఒకచోట సన్నం అయింది. కొందరు వర్తకులు మంచి దారంలో నాసి దారం కలిపారు. అలాంటి దారం మరమగ్గం మీద పుటుక్కున తెగుతుంది. జపాన్ పట్టుకు చెడ్డ పేరు వచ్చింది, ధర పడింది.

ఇందులో కిటుకు ఇది. ఒక్క గూటి పోగు సాలెగూడు దారమంత సన్నం. అందుకని నాలుగైదు గూళ్ల పోగులు కలిపి ఒక దారంగా తీస్తారు. ఒక గూడు అయిపోగానే, క్షణం ఆలస్యం లేకుండా, కొత్త గూటి పోగును అందించాలి. అందించకపోతే అక్కడ దారం సన్నబడుతుంది. రెండు పోగులు ఒకేసారి అందిస్తే లావవుతుంది. యంత్రం దారాన్ని చుడుతుంది. నీళ్లను ఆవిరితో వేడి చేస్తుంది. కానీ పోగు అందించేది మాత్రం మనిషి చెయ్యే. దారం మంచిదా కాదా అన్నది ఆ వేళ్లలో ఉంటుంది.

టోమియోకా మిల్లు

1872లో ప్రభుత్వం టోమియోకా అనే ఊళ్లో పట్టు మిల్లు పెట్టింది. బ్రూనా అనే ఫ్రెంచి మనిషిని జీతానికి పెట్టుకుంది. ఆవిరి బాయిలరు, దారం తీసే యంత్రాలు ఫ్రాన్సు నుంచి వచ్చాయి. మూడు వందల మంది ఆడపిల్లలు ఒకేసారి కూర్చుని పని చెయ్యవచ్చు. గోడలకు ఇటుకలు కావాలి. ఆ చుట్టుపక్కల ఇటుక తయారీ ఎవరికీ తెలియదు. ఇంటి పెంకులు కాల్చేవాళ్లే నేర్చుకుని ఇటుకలు కాల్చారు. సిమెంటు లేదు, సున్నంతో కట్టారు.

మిల్లు సిద్ధమైంది. పనికి ఒక్క పిల్లా రాలేదు! "విదేశీవాళ్లు ఆడపిల్లల రక్తం తాగుతారట" అని పుకారు లేచింది. వాళ్లు తాగే ఎర్రటి ద్రాక్ష సారాను చూసి జనం అలా అనుకున్నారు. చివరికి మిల్లు పెద్ద అయిన ఒదకా తన సొంత కూతురు యూను ముందుగా పనిలో చేర్చాడు. ఆ పిల్లకు పద్నాలుగేళ్లైనా సరిగా లేవు. ఆమెను చూసి మిగతావాళ్లకు ధైర్యం వచ్చింది.

మత్సుషిరో అనే ఊళ్లోనూ అదే జరిగింది. పిల్లల్ని పంపమని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. ఎవరూ పంపలేదు. ఆ పని చూసే ఊరిపెద్ద యోకోతా తన కూతురు ఏయీని పంపాడు. దాంతో మరికొందరు కదిలారు. 1873లో ఆ పిల్లలు కొండ కనుమలు దాటి, రోజుల తరబడి నడిచి టోమియోకా చేరారు. ముందు గూళ్లు ఏరే పని ఇచ్చారు. తరువాత దారం తీసే పని. ఆ మిల్లులో మొదట పని నేర్పినవాళ్లు ఫ్రెంచి ఆడవాళ్లు. అక్కడ పగటిపూటే పని. ఆదివారం సెలవు. జబ్బు చేస్తే డాక్టరు ఉన్నాడు.

ఆ మిల్లు కూలి కోసం మాత్రమే కాదు, బడిలాగ పెట్టింది. నేర్చుకున్నవాళ్లు ఊరికి వెళ్లి నలుగురికి నేర్పాలి. ఏయీ 1874లో తిరిగి వెళ్లి, తన ఊరి దగ్గర పెట్టిన కొత్త మిల్లులో పంతులమ్మ అయింది. తన జ్ఞాపకాలను పెద్దయ్యాక పుస్తకంగా రాసింది. పై సంగతుల్లో చాలావాటిని మనం తెలుసుకోగలిగింది ఆమె రాత వల్లనే.

ఇనుముకు బదులు కర్ర

టోమియోకా మిల్లుకు ఖర్చు చాలా అయింది. చాలా ఏళ్లు నష్టం వచ్చింది. 1893లో ప్రభుత్వం దాన్ని ఒక పెద్ద వ్యాపార సంస్థకు అమ్మేసింది. అలాంటి మిల్లు ఊరూరా కట్టడం సాధ్యం కాదు. మరి పట్టు పని ఎలా పెరిగింది?

పల్లెల్లో వడ్రంగులు, కమ్మరులు ఆ యంత్రాన్ని చూసి చవగ్గా చేశారు. ఇనుముకు బదులు కర్ర వాడారు. లోహపు తొట్టికి బదులు కుమ్మరి చేసిన మట్టి తొట్టి పెట్టారు. చక్రం తిప్పడానికి వాగు నీటిని వాడారు. ఫ్రెంచి యంత్రం అంత అందంగా లేదు. దారం మాత్రం సమంగా వచ్చింది. కొద్దిపాటి డబ్బున్నవాడు కూడా మిల్లు పెట్టగలిగాడు. సువా అనే సరస్సు చుట్టూ ఇలాంటి మిల్లులు వందల్లో లేచాయి. విదేశీ నిపుణులను జపాన్ ఎక్కువ కాలం ఉంచుకోలేదు. బ్రూనా కూడా కొద్ది ఏళ్లకే వెళ్లిపోయాడు. అప్పటికి పని వీళ్ల చేతికొచ్చింది.

జపాన్ విదేశాలకు అమ్మిన సరుకులో చాలా ఏళ్లపాటు సుమారు మూడో వంతు పట్టుదారమే. ఎక్కువ పట్టు అమెరికాకు పోయింది. నల్ల ఓడలు పంపిన దేశమే కొన్నది! ఆ డబ్బుతో యంత్రాలు, ఇనుము, ఓడలు వచ్చాయి. 1909 నాటికి పట్టుదారం అమ్మకంలో జపాన్ చైనాను దాటి ప్రపంచంలో మొదటికి వచ్చింది.

దీనికి ఎవరు మూల్యం చెల్లించారు?

టోమియోకాలోని మంచి రోజులు చిన్న మిల్లుల్లో లేవు. అక్కడ రోజుకు పదమూడు, పద్నాలుగు గంటల పని. వేడినీళ్లలో వేళ్లు పాచిపోయేవి. ఆవిరి నిండిన గదుల్లో క్షయ పాకింది. తండ్రి ముందుగా అడ్వాన్సు తీసుకుని కాగితం మీద ముద్ర వేసేవాడు. కూతురు ఆ బాకీ తీరేదాకా పని చెయ్యాలి. దారం సమంగా లేకపోతే కూలిలో కోత.

వాళ్లు ఊరికే పడి ఉండలేదు. 1886లో కోఫు పట్టణంలో మిల్లు యజమానులు కూడబలుక్కుని పని గంటలు పెంచారు, కూలి తగ్గించారు. అమెమియా అనే మిల్లులో వందమందికి పైగా ఆడవాళ్లు పని మానేసి ఒక గుడిలో కూర్చున్నారు. యజమాని కొంత దిగిరాక తప్పలేదు. జపాన్ ఫ్యాక్టరీల్లో జరిగిన మొదటి సమ్మె ఇదేనంటారు. పని గంటలకు హద్దు పెట్టే చట్టం మాత్రం 1911లో గానీ రాలేదు. అది అమల్లోకి వచ్చింది 1916లో. అప్పుడు కూడా ఆడవాళ్లకు రోజుకు పన్నెండు గంటలు!

జపాన్ అనుకున్నది సాధించింది. విదేశీయులను విచారించే హక్కు 1899లో దక్కింది. పన్ను తన ఇష్టప్రకారం వేసుకునే హక్కు 1911లో తిరిగి వచ్చింది. ఆ రోజుల్లో ఏ దేశమూ జపాన్‌ను ఆక్రమించలేదు. కానీ ఏ గతి తనకు పట్టకూడదనుకుందో ఆ గతే జపాన్ పక్క దేశాలకు పట్టించింది. 1895లో తైవాన్‌ను, 1910లో కొరియాను తన ఏలుబడి కిందికి తెచ్చుకుంది.

టోమియోకా మిల్లు 1987లో మూతపడింది. ఆ ఇటుక గోడలు ఇంకా నిలిచే ఉన్నాయి. 2014లో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. పిల్లలు వరుసగా కూర్చుని పోగులు అందించిన పొడవాటి గదిని జనం వెళ్లి చూస్తుంటారు.

మాట్లాడుకుందాం

1. జపాన్ విదేశాల్లో ఎక్కువ అప్పు చెయ్యడానికి ఎందుకు జంకింది?
2. యంత్రం ఉన్నా దారం నాణ్యత మనిషి చేతిలోనే ఎందుకు ఉంది?
3. దేశం నిలబడింది. ఏయీకి, కోఫులో సమ్మె చేసిన ఆడవాళ్లకు అందులో దక్కిందేమిటి?